ఐదు వేల పెన్షన్ అప్పటికి ఎంత అవుతుంది?

ఈ మధ్య అబ్బాసియాలో ఒక శుక్రవారం, రాజంపేట దగ్గర నుంచి వచ్చి ఇంటి పని చేసుకుంటున్న ఒక అక్క తన పాస్‌బుక్ చూపించింది. 2016లో, కువైట్ రాకముందు, 30 ఏళ్ళ వయసులో ఊళ్ళోని బ్యాంకులో అటల్ పెన్షన్ యోజనలో చేరింది. నెలకు 577 రూపాయలు కడుతోంది. 60 నిండాక నెలకు 5,000 వస్తుంది. "అన్నా, ఆ డబ్బుతో ముసలితనం గడిచిపోతుందా?" అని అడిగింది.

కాగితం తీసి ఇద్దరం లెక్క వేశాం. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుందాం. అలా పెరిగితే సుమారు 14 ఏళ్ళకు ఖర్చు రెట్టింపు అవుతుంది. 30 ఏళ్ళలో నాలుగు రెట్లు దాటుతుంది. అంటే ఆమెకు 60 వచ్చేసరికి ఆ 5,000తో 2016 నాటి 1,150 రూపాయల సరుకులే వస్తాయి. అక్కడితో ఆగదు. పెన్షన్ 5,000 దగ్గరే ఉంటుంది, ధరలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఆమెకు 75 వచ్చేనాటికి దాని విలువ 2016 లెక్కలో 550 రూపాయలు. డబ్బు ఎవరూ తీసుకోలేదు, అంకె మారలేదు, సంచిలోకి వచ్చే బియ్యం తగ్గిపోయాయి.

అలా తగ్గకుండా చూసే ఏర్పాటు ఒకటుంది. ధరల సూచీని బట్టి పెన్షన్‌ను పెంచడం. మన ఊళ్ళో రిటైరయిన రైల్వే, పోస్టాఫీసు ఉద్యోగులు "డీఏ పెరిగింది" అంటుంటారే, అదే. సిమ్లాలో ఉన్న లేబర్ బ్యూరో కార్మిక కుటుంబాలు కొనే సరుకుల ధరలతో నెలనెలా సూచీ తయారు చేస్తుంది. పన్నెండు నెలల సగటు తీసి, మొదటి లెక్క కంటే ఎంత శాతం పెరిగిందో చూసి, జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఆ శాతాన్ని సవరిస్తారు.

తేడా ఎంతో చూడండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కనీస పెన్షన్ 2016 జనవరి నుంచి 9,000. 2025 జూలై నాటికి దాని మీద 58 శాతం కలిసి 14,220 అయింది. ప్రైవేటు కంపెనీల్లో పీఎఫ్ కట్టినవారికి ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 సెప్టెంబరులో 1,000 అని పెట్టారు. 2025లోనూ అదే 1,000. దానికి సూచీతో ముడి లేదు.

ముడి ఉన్నా అది ఇనుప గొలుసు కాదు. కరోనా సమయంలో 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు మూడు విడతలు ఆపేశారు. శాతం 17 దగ్గరే నిలిచింది. 2021 జూలైలో 28కి పెంచారు గానీ, మధ్యలో పోయిన పద్దెనిమిది నెలల బకాయి ఇవ్వలేదు. ఇంకో లోటు కూడా ఉంది. సూచీలో కార్మిక కుటుంబాల సరుకులు ఉంటాయి. ముసలివారికి మందుల ఖర్చు ఎక్కువ, ఆ భారం అందులో పూర్తిగా కనిపించదు.

ఆంధ్రాలో వృద్ధాప్య పెన్షన్ 2014 అక్టోబరులో 1,000 అయింది, 2019 జనవరిలో 2,000, 2024 జూలైలో 4,000. బాగానే పెరిగింది. కానీ అది ప్రభుత్వం తలచుకుంటే పెరిగినది, నియమం ప్రకారం కాదు.

మరి కువైట్‌లో పని చేసే మనకు? ఇక్కడ నెలనెలా పెన్షన్ లేదు, సర్వీసు డబ్బు ఒకేసారి ఇస్తారు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పనివారికి ఏడాదికి ఒక నెల జీతం. కంపెనీలో నెల జీతం మీద ఉన్నవారికి 2010 నాటి 6వ నంబరు చట్టంలో మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 15 రోజులు, తర్వాత ఏడాదికి ఒక నెల.

అక్క జీతం 120 దినార్లు. పదిహేనేళ్ళు చేస్తే 1,800 దినార్లు. దినారుకు 280 చొప్పున 5,04,000 రూపాయలు. బ్యాంకులో 7 శాతానికి వేస్తే నెలకు 2,940 వడ్డీ వస్తుంది. అంతా తినేస్తే అసలు అక్కడే ఉంటుంది, పదిహేనేళ్ళకు ఆ వడ్డీ విలువ సగమవుతుంది. ధరలతో పాటు పెరగాలంటే 7లో 5 శాతాన్ని అసలులో కలపాలి, 2 శాతమే తీయాలి. అంటే మొదట నెలకు 840 మాత్రమే, ఏటా 5 శాతం పెంచుకుంటూ. మన డీఏ మనమే కట్టుకోవడం అంటే ఇదే. వడ్డీ తగ్గినా, ధరలు ఎక్కువ పెరిగినా ఈ లెక్క కూడా మారుతుంది.

840 అని విని అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "స్కీము మానెయ్యనా?" అంది. మానొద్దన్నాను. ఆమె తర్వాత భర్తకు అదే పెన్షన్ వస్తుంది, ఇద్దరూ పోయాక నామినీకి సుమారు 8.5 లక్షలు వస్తాయి. కానీ ముసలితనం మొత్తానికి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పాను. మీకు ఎవరైనా పెన్షన్ స్కీము చూపిస్తే, ఎంత వస్తుందని అడిగి ఊరుకోకండి. ధరలు పెరిగితే ఇదీ పెరుగుతుందా, పెంచుతామని కాగితంలో ఎక్కడ రాసి ఉందని అడగండి.