గంటకు 500 రూపాయలు: అసలు చేతికందేది ఎంత?

విద్యార్థులారా! ఇంటర్నెట్ వేదికల ద్వారా అనువాదం, డిజైన్, సబ్‌టైటిల్స్ వంటి పనులు చేస్తూ చదువుకొనేవారు మీలో ఉండవచ్చు. "నా రేటు గంటకు 500 రూపాయలు" అని మీరు అనుకొంటారు. అది మీరు బిల్లులో వేసే రేటు మాత్రమే. నిజమైన రేటు ఒక భిన్నం. లవంలో చేతికి మిగిలిన సొమ్ము, హారంలో ఆ సొమ్ము కోసం వెచ్చించిన గంటలన్నీ ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక నెలలో మీరు 60 గంటలకు బిల్లు వేశారనుకోండి. రాబడి 30,000 రూపాయలు. వేదిక 20 శాతం, అంటే 6,000 కమిషన్‌గా తీసుకొంది. బ్యాంకు చార్జీలు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ ఖర్చులు కలిపి 2,000. ఇక మిగిలింది 22,000 రూపాయలు.

ఇప్పుడు హారం సంగతి. కొత్త పనుల కోసం దరఖాస్తులు రాయడానికి 15 గంటలు, ఖాతాదారులతో ఉత్తర ప్రత్యుత్తరాలకు 10, ఉచితంగా చేసిన సవరణలకు 9, బిల్లులకూ లెక్కలకూ 6 గంటలు పట్టాయి. ఈ 40 గంటలకు ఎవరూ డబ్బు ఇవ్వరు. వీటిని 60కి కలిపితే 100 గంటలు. 22,000ను 100తో భాగిస్తే వచ్చేది 220 రూపాయలు. ఇదీ అసలు రేటు. చాలామంది 500లో నుంచి కమిషన్ మాత్రం తీసివేసి 400 అనుకొంటారు. వారు లవాన్ని సరిచేశారు గాని, హారాన్ని మరచిపోయారు.

ఈ భిన్నం మరొక విషయం కూడా చెబుతుంది. కమిషన్ సగానికి తగ్గితే మిగిలేది 25,000, రేటు 250. కమిషన్ మారకపోయినా బిల్లు కాని గంటల్లో 12 తగ్గితే, 22,000ను 88తో భాగించాలి; అప్పుడూ 250 వస్తుంది. ఉచిత సవరణలు ఎన్నిసార్లో ముందే రాసుకొంటే కొన్ని గంటలు మిగులుతాయి. దరఖాస్తుల గంటలను మాత్రం జాగ్రత్తగా తగ్గించాలి. లేకుంటే వచ్చే నెల పనే తగ్గిపోవచ్చు.

మీకు నికరంగా గంటకు 300 కావాలంటే లెక్కను తిరగవేయండి. 100 గంటలకు 30,000, ఖర్చులు 2,000. మొత్తం 32,000 కావాలి. దీనికి 20 శాతం కలిపితే సరిపోదు. కమిషన్‌ను పూర్తి బిల్లుపై లెక్కిస్తారు కనుక 32,000ను 0.8తో భాగించాలి. వచ్చే 40,000ను 60తో భాగిస్తే, బిల్లు రేటు సుమారు 667 రూపాయలు.

గంటలను ఏ రోజుకారోజు రాసుకోండి. నెలాఖరున గుర్తుచేసుకొంటే చిన్నచిన్న పనులు జారిపోతాయి. పని నెలనెలా మారుతుంది కనుక కనీసం మూడు నెలల సొమ్మును కూడి, మూడు నెలల గంటలతో భాగించండి. ఇది ఆదాయపు పన్నుకు ముందు లెక్క అని గుర్తుంచుకోండి.