తిట్లలో మిగిలిన సాక్ష్యం: 'రాజతరంగిణి'లో డొంబ రాణి

కల్హణుడి 'రాజతరంగిణి' దళిత చరిత్రకు పనికిరాని బ్రాహ్మణ రచన అని పక్కన పడేసేవాళ్ళున్నారు. అందులో ఉన్నదంతా నిజమని ఎత్తిరాసుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండూ కాక మరో దారి ఉందని మేము అంటున్నాం. అయిదో తరంగంలోని ఒక్క కథ తీసుకుని చూద్దాం.

కాశ్మీరు రాజు చక్రవర్మ కొలువులో రంగడనే డొంబ గాయకుడు, అతని కూతుళ్ళు హంసి, నాగలత పాడారు. రాజు ఆ ఇద్దర్నీ అంతఃపురానికి తెచ్చుకున్నాడు. హంసి పట్టపురాణి అయింది. రంగడికి హేలు అనే ఊరు దానమిచ్చాడు. పత్రం రాయాల్సిన అధికారి మాత్రం రాయకుండా జాప్యం చేశాడు. రంగడు అతన్ని తిట్టి రాయించుకున్నాడు. 937లో డామరులు, అంటే ఆయుధబలమున్న భూస్వాములు, రాజును రాత్రివేళ చంపారు. అంటరానివాళ్ళతో పొత్తే రాజును చెడగొట్టిందన్నట్టు కల్హణుడు కథ నడిపాడు.

మొదట అడగాల్సింది, చెప్పేదెవరు, ఎప్పుడు అని. కల్హణుడు రాసింది 1148-50లో, అంటే రెండు వందల ఏళ్ళ తర్వాత. తండ్రి చంపకుడు కాశ్మీరు రాజు హర్షుడి మంత్రి. ఈయన కళ్ళు కొలువు బ్రాహ్మణుడి కళ్ళే. తక్కువ కులం ఆడది రాజును పాడుచేయడం పాత కావ్యాల మూస కూడా. ఆ మూసలో సరిగ్గా ఇమిడిపోయే వర్ణనలను, హంసి బుద్ధి గురించిన మాటలను మనం సాక్ష్యంగా తీసుకోకూడదు.

రెండోది, ఆయన తీర్పును ఆయన చెప్పిన సంగతులతోనే సరిచూడాలి. చక్రవర్మ పోయిన గద్దెను సంగ్రాముడనే డామరుడి సాయంతో మళ్ళీ ఎక్కాడు. తర్వాత ఆ డామరులనే నమ్మించి చంపించాడు. ఇదీ కల్హణుడు రాసిందే. అలాంటప్పుడు హత్యకు కారణం వెతకడానికి డొంబ పిల్లల దాకా పోవాలా? పగ కళ్ళెదుటే ఉంది కదా! నింద ఎవరిమీద వేశాడో చూస్తే అసలు తగాదా రాజుకూ భూస్వాములకూ మధ్యదని తెలుస్తుంది.

మూడోది, దారిన పోతూ జారిన వివరాలు పట్టుకోవాలి. కల్హణుడు దానపత్రం సంగతి చెప్పింది రంగడి పొగరు చూపడానికి. కానీ దాంతోపాటు ఇంకో విషయం బయటపడింది. రాజు నోటిమాటతో భూమి రాదు, రాతలోకి ఎక్కాలి. ఆ రాత మరొకరి చేతిలో ఉంది. ఆ చెయ్యి కులం చూసి ఆగింది. దీన్ని నిరూపించాలని ఆయన పూనుకోలేదు. పాఠకులకు తెలిసిన లోకరీతిగా రాసుకుపోయాడు. అందుకే దీనికి విలువ ఎక్కువ. రంగడి తిట్టును సంస్కృతంలో కాక దేశభాషలో పెట్టడం కూడా అలాంటిదే. గేలి చేయడానికే పెట్టినా, ఆ భాష జాడ మిగిలింది.

అయితే హద్దు మరిచిపోవద్దు. సాక్షి ఒక్కడే. రంగడు ఆ మాటలే అన్నాడనీ, హంసి తిరుగుబాటు చేసిందనీ చెప్పడానికి మనకు ఆధారం లేదు. ఆమె గొంతు ఈ పుస్తకంలో లేదు. ఉన్నది ఆమె గద్దె మీద కూర్చోవడాన్ని భరించలేని ఒక వర్గం గొంతు. ఆ వర్గం చరిత్రకు మాత్రం ఇది మొదటి తరగతి సాక్ష్యం.