కార్ట్‌లో వదిలేసిన చీరకు మూడు మెయిళ్లు

మంగళగిరి నూలు చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. రాత్రి పదింటికి ఒకావిడ ఫోన్‌లో చూస్తూ నిజాం అంచున్న ఆకుపచ్చ చీర ఎంచుకుంది. ధర 2,400 రూపాయలు. కార్ట్‌లో వేసి పేరు, మెయిల్, చిరునామా అన్నీ ఇచ్చింది. చివరి పేజీకి వచ్చేసరికి డెలివరీ ఛార్జీ అని ఇంకో వంద కనబడింది. ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది.

ఇలా ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్ కొనుగోళ్ల తీరును ఏళ్లుగా గమనిస్తున్న డెన్మార్క్ సంస్థ బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం, సగటున పది కార్టుల్లో ఏడు డబ్బు కట్టే దాకా రావు. ఇందులో ఊరికే చూసి పోయేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లను పక్కన పెట్టి, అమెరికా కొనుగోలుదారులను కారణం అడిగితే అన్నిటికంటే ముందు వచ్చిన జవాబు చివర్లో కలిసే అదనపు ఖర్చులు. వదిలేసినవాళ్లకు మెయిల్ రాసే ముందు దుకాణదారుడు గుర్తుంచుకోవలసింది ఇదే. వాళ్లు మరచిపోయినవాళ్లు కాకపోవచ్చు. ఏదో ఒకటి అడ్డుపడి ఆగినవాళ్లు.

మెయిల్ చిరునామా ఇచ్చినవాళ్లకే రాయగలం కాబట్టి మన పరిధి చిన్నది. అందులోనూ ముందుగా విడదీయవలసినవాళ్లు కొందరున్నారు. మన దగ్గర చాలామంది యూపీఐతో కడతారు. ఒక్కోసారి ఖాతాలో డబ్బు కట్ అవుతుంది గానీ ఆర్డర్ పడదు. దుకాణం సాఫ్ట్‌వేర్ కంటికి అది కూడా వదిలేసిన కార్టే. డబ్బు పోయిందేమోనని కంగారు పడుతున్న మనిషికి ‘మీ చీర మీకోసం ఎదురుచూస్తోంది’ అని మెయిల్ వెళితే ఆవిడ ఇక మన గుమ్మం తొక్కదు. పేమెంట్ విఫలమైనవాళ్లకు వెంటనే వేరే మెయిల్ పోవాలి. ఆర్డర్ నమోదు కాలేదని, డబ్బు కట్ అయివుంటే తిరిగి పడుతుందని, సందేహముంటే ఈ నంబరుకు ఫోన్ చేయమని అందులో ఉండాలి. దుకాణానికి నిర్ధారణ చేరని యూపీఐ చెల్లింపును ఐదు రోజుల్లోగా వెనక్కి జమచేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధన పెట్టింది. ఆ మాట కూడా రాస్తే కొనేవాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

ఇక మిగిలినవాళ్లకు మూడు మెయిళ్లు చాలు. మొదటిది గంట, రెండు గంటల్లో వెళ్లాలి. అప్పటికి చీర ఇంకా మనసులో ఉంటుంది. అయితే రాత్రి పదింటికి వదిలేసినావిడకు అర్ధరాత్రి మెయిల్ కొట్టడం మర్యాద కాదు, పొద్దున తొమ్మిదికి పంపేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. ఆ మెయిల్‌లో ఉండవలసినవి చీర బొమ్మ, ధర, డెలివరీతో కలిపి మొత్తం, నేరుగా అదే కార్ట్ తెరిచే లింకు. మాటలు ఇన్ని చాలు:

‘నమస్తే అండీ. నిన్న మీరు చూసిన ఆకుపచ్చ మంగళగిరి చీర మీ కార్ట్‌లోనే ఉంది. డెలివరీతో కలిపి 2,500 రూపాయలు. ఆర్డర్ చేయడంలో ఇబ్బంది ఏదైనా వచ్చిందా? ఈ మెయిల్‌కే జవాబు రాయండి, మేం చూస్తాం.’

ఆ చివరి వాక్యం నిజమై ఉండాలి. జవాబులు చేరని చిరునామా నుంచి పంపితే మన మెయిల్‌కు విలువ లేదు. నలుగురు జవాబు రాస్తే వాళ్లు ఎందుకు ఆగారో తెలుస్తుంది.

రెండోది మర్నాడు. ఇందులో మళ్లీ గుర్తుచేయడం కాదు, బట్టల విషయంలో ఉండే సందేహం తీర్చాలి. పగటి వెలుతురులో తీసిన ఫొటో పెట్టండి. రంగు పోతుందా, మొదటిసారి ఎలా ఉతకాలి, బ్లౌజు ముక్క ఉందా, నచ్చకపోతే ఎన్నాళ్లలో తిప్పిపంపాలి, ఆ ఖర్చు ఎవరిదన్నవి సూటిగా చెప్పండి. కార్ట్‌లో ఉన్నది కుర్తీ అయితే సైజు కొలతలు అంగుళాల్లో ఇవ్వండి. నా ఉద్దేశంలో మూడింటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీనిమీదే. చాలా దుకాణాలు మాత్రం ఇక్కడే తగ్గింపు కూపన్ పెట్టి ఊరుకుంటాయి.

ఆ కూపన్ ఎంత ఖరీదో చూద్దాం. చీర నేతకారుడి దగ్గర 1,700కు కొన్నాం. ప్యాకింగు యాభై, పేమెంట్ గేట్‌వే రుసుము ఇంకో యాభై అనుకుంటే 2,400లో మిగిలేది 600. పదిశాతం తగ్గిస్తే 240 పోయి 360 మిగులుతుంది. ధరలో పదో వంతు వదులుకున్నామనుకుంటాం గానీ, పోయింది లాభంలో ఐదింట రెండు వంతులు. పైగా కార్ట్ వదిలేస్తే కూపన్ వస్తుందని తెలిసిన పాత కస్టమర్లు ప్రతిసారీ వదిలేసి వేచి చూస్తారు. అందుకే తగ్గింపు ఏదైనా మూడో మెయిల్‌లోనే ఉండాలి, అదీ మొదటిసారి కొనేవాళ్లకే. మన ఉదాహరణలో ఆవిడ ఆగింది డెలివరీ ఛార్జీ దగ్గర కాబట్టి ఆ వంద తీసేస్తే సరిపోతుంది. లాభం 500 నిలుస్తుంది.

ఈ మూడో మెయిల్ మూడో రోజున వెళుతుంది. ‘ఆదివారం రాత్రి దాకా డెలివరీ ఉచితం’ అని రాస్తే సోమవారం నిజంగానే ఆగిపోవాలి. స్టాకు నిండా ఉండగా ‘ఒక్కటే మిగిలింది’ అనడం, అయిపోగానే మళ్లీ మొదలయ్యే గడియారం పెట్టడం మన దేశంలో నిబంధనలకు విరుద్ధం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాలు అబద్ధపు తొందర పెట్టడాన్ని నిషేధించాయి. చివరి దాకా దాచి ఛార్జీలు కలపడం కూడా అదే జాబితాలో ఉంది. మూడో మెయిల్‌తో ఆపేయాలి. నాలుగోదానికి స్పామ్ బటన్ నొక్కేవాళ్లు పెరిగితే మన ఆర్డర్ రసీదులు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంది. ఇక వద్దు అనుకునేవాళ్లకు ప్రతి మెయిల్ కిందా ఆ లింకు కనబడాలి.

మధ్యలో కొన్నవాళ్లకు మిగతా మెయిళ్లు వెళ్లకూడదు. దుకాణం సైటులో కొంటే సాఫ్ట్‌వేరే ఆపుతుంది. కానీ వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చి కొన్నవాళ్ల సంగతి దానికి తెలియదు. ఆ పేర్లు చేత్తో తీసేయాలి. కొన్న మర్నాడే అదే చీరకు డెలివరీ ఉచితమని మెయిల్ వస్తే ఆ కస్టమర్‌కు కోపం రావడం న్యాయమే. అలాగే చీర అమ్ముడైపోతే వరుస ఆగిపోవాలి.

మెయిళ్లు పనిచేస్తున్నాయో లేదో ఎంతమంది తెరిచారన్న అంకెతో తేల్చకండి. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా సదుపాయం వల్ల, మనిషి చూడకపోయినా తెరిచినట్టు నమోదవుతుంది. నమ్మదగిన పద్ధతి వేరే ఉంది. కార్ట్ వదిలేసినవాళ్లలో సగం మందికి మెయిల్ పంపి, సగం మందికి పంపకుండా ఉంచండి. పంపిన వందమందిలో పన్నెండుగురు, పంపని వందలో ఏడుగురు కొన్నారనుకుంటే మెయిల్ తెచ్చింది ఐదు అమ్మకాలే. మిగతా ఏడుగురు ఎలాగూ వచ్చేవాళ్లే. వందల్లో తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు కనుక కొన్ని నెలలు లెక్క సాగనివ్వాలి.

మొదటి మెయిల్ రాసే ముందు మీ దుకాణంలో మీరే ఫోన్ నుంచి ఒక చీర కొనడానికి ప్రయత్నించండి. డెలివరీ ఛార్జీ చివరి పేజీలో మాత్రమే కనబడుతుంటే, దాన్ని చీర బొమ్మ పక్కకు తెచ్చాకే మెయిళ్ల పని మొదలుపెట్టండి.