జతపరచండి ప్రశ్న: ఒక్క జత తప్పితే ఏమవుతుంది?

కొవ్వూరు: గ్రూప్-2కి చదువుతున్న మా ఖాలా కూతురు మొన్న ఒక మోడల్ పేపర్ పట్టుకొచ్చి అడిగింది. "భయ్యా, నాలుగు జతల్లో రెండు కరెక్టే పెట్టాను. అర మార్కు అయినా రావాలి కదా?"

రాదు. జతపరచండి ప్రశ్నలో మనం గుర్తు పెట్టేది జతలకు కాదు, ఒక ఆప్షన్‌కు. అది తప్పయితే ఏపీపీఎస్సీ గ్రూప్-2 స్క్రీనింగ్ టెస్టులో ఆ 1 మార్కు పోవడమే కాదు, ఇంకో మూడో వంతు కోత కూడా పడుతుంది.

ఆమె తడబడ్డ ప్రశ్న ఇలాంటిదే:

ఎ. కందుకూరి వీరేశలింగం
బి. చిలకమర్తి లక్ష్మీనరసింహం
సి. గురజాడ అప్పారావు
డి. ఉన్నవ లక్ష్మీనారాయణ

1. మాలపల్లి
2. గణపతి
3. కన్యాశుల్కం
4. రాజశేఖర చరిత్ర

ఆప్షన్లు:
(1) ఎ-4, బి-2, సి-3, డి-1
(2) ఎ-4, బి-1, సి-3, డి-2
(3) ఎ-2, బి-1, సి-3, డి-4
(4) ఎ-4, బి-3, సి-2, డి-1

కందుకూరి, గురజాడ ఆమెకు బాగా తెలుసు. అక్కడితో (3), (4) పోయాయి. తర్వాత చిలకమర్తికి మాలపల్లి పెట్టింది. ఇక మిగిలింది గణపతి ఒక్కటే, అది ఉన్నవకు వెళ్లక తప్పదు. అలా (2) పూర్తిగా సరిపోయింది. "అన్నీ కలిశాయి" అనుకుని గుర్తు పెట్టేసింది. సరైన జవాబు (1).

రెండు వైపులా నాలుగేసి ఉంటే మూడు జతలు కరెక్టు, ఒక్కటి తప్పు అనేది జరగదు. ఒకటి తప్పితే ఇంకొకటి కూడా కచ్చితంగా తప్పుతుంది. కామర్స్ చదివిన వాళ్లకు ఇది తెలిసిన సంగతే: ఎంట్రీ ఒక ఖాతాకు బదులు ఇంకో ఖాతాలో పడినా ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అవుతుంది. టాలీ అయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు.

మరి ఏం చేయాలి? జతలు కలపడానికి ముందు ఆప్షన్లను నిలువుగా చూడాలి. ఎ-4 మూడు ఆప్షన్లలో ఉంది, సి-3 కూడా మూడింటిలో ఉంది. కాబట్టి అవి తెలిసినా ఒక్కొక్కటి ఒక్కో ఆప్షన్‌నే తీసేస్తుంది. బి-2 మాత్రం ఒక్క (1)లోనే ఉంది. అంటే అసలు ప్రశ్న చిలకమర్తి దగ్గరే ఉంది. ఆలోచించాల్సిన సమయమంతా అక్కడే పెట్టాలి.

అక్కడ గట్టిగా గుర్తు రాకపోతే ఆ జతను పట్టుకుని ఆప్షన్ కొట్టేయకూడదు, ఎందుకంటే సరైన జవాబే ముందు పోతుంది. అప్పుడు నాలుగో జతను విడిగా అడిగి చూసుకోవాలి: మాలపల్లి ఎవరిది? ఉన్నవది అని గుర్తొస్తే డి-1 ఉన్నవి (1), (4) మాత్రమే. గురజాడతో (4) ఎలాగూ పోయింది కాబట్టి (1) తేలిపోతుంది. మిగిలింది కదా అని పెట్టిన జత రుజువు కాదు, విడిగా గుర్తొచ్చిన జతే రుజువు.

నమ్మకమైన జతలతో రెండు ఆప్షన్లు మిగిలి, ఇక ఏమీ తోచకపోతే ఒకటి గుర్తు పెట్టడమే లాభం. అలాంటివి ఆరు ప్రశ్నల్లో సగం తగిలితే 3 మార్కులు వస్తాయి, 1 మార్కు పోతుంది. నాలుగూ తెలియకపోతే వదిలేయడమే మేలు.