బూటు అడుగున ఉన్న లెక్క

సూరత్ లింబాయత్‌లో ఉండే మన తెలుగు నేతపనివారి పిల్లాడొకడు రెండు ఫుట్‌బాల్ బూట్లు తిరగేసి చూపించాడు. "సార్, మా అన్న బూటుకి ఆరే స్టడ్లు, నాదానికి పన్నెండు. ఎక్కువుంటేనే కదా పట్టు ఎక్కువ?"

స్టడ్ పట్టాలంటే ముందు నేలలోకి దిగాలి. 60 కిలోల ఆటగాడు ఒంటికాలి మీద నిలబడితే, ఆరు స్టడ్ల బూటులో ఒక్కోదాని మీద 10 కిలోలు పడతాయి. పన్నెండైతే 5, ఇరవై నాలుగైతే రెండున్నర. అందుకే బురదనేల బూటుకి స్టడ్లు తక్కువ, పొడవు ఎక్కువ, మొనలు తరచుగా లోహానివి. పైనున్న బురదను దాటి కింది గట్టి పొరను అందుకోవాలి. మధ్యలో ఖాళీ ఎక్కువ కాబట్టి మన్ను ఇరుక్కోకుండా రాలిపోతుంది.

1954 ప్రపంచకప్ ఫైనల్ బెర్న్‌లో వానలో జరిగింది. పశ్చిమ జర్మనీ ఆటగాళ్లు ఆడీ డాస్లర్ చేసిన, స్టడ్లు మార్చుకోగల బూట్లతో దిగి హంగరీని 3-2తో ఓడించారు. అలాంటి స్టడ్లు ముందు తెచ్చింది తామేనని ఆయన అన్న రుడాల్ఫ్ కంపెనీ ప్యూమా వాదన. అంతకు రెండేళ్ల ముందే హెల్సింకీ ఒలింపిక్స్‌లో, హైదరాబాదీ రహీం శిక్షణలోని మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. మనవాళ్లలో చాలామందివి ఉత్తికాళ్లు.

నాకు మరింత ఇష్టమైనది స్టడ్ రెండో పని, వదిలేయడం. ఆటగాడు నాటిన కాలి మీద గిర్రున తిరిగినప్పుడు సహజ పచ్చికలో మట్టిపెళ్ల ఊడి కాలిని వదులుతుంది. ప్లాస్టిక్ గడ్డి అలా ఊడదు. పొడవాటి స్టడ్ రబ్బరు గుళికల్లోకి దిగి పోచల మధ్య ఇరుక్కుంటే పాదం అక్కడే ఆగుతుంది, తొడ తిరుగుతుంది, ఆ మెలి మోకాలి మీద పడుతుంది. టర్ఫ్ బూటుకి పొట్టి, గుండ్రటి స్టడ్లు ఎక్కువగా పెట్టేది ఇందుకే. గుండ్రటిది ఎటు తిప్పినా ఒకేలా జారుతుంది. బద్దలాంటి స్టడ్ మాత్రం అడ్డంగా తిప్పితే మొండికేస్తుంది.

ఇక సూరత్ చుట్టుపక్కల నల్లరేగడి. వానల్లో ఉబ్బి జిగురవుతుంది, ఏప్రిల్‌కి బీటలువారి రాయవుతుంది. బూటు మీద 'ఫర్మ్ గ్రౌండ్' అని ఉంటే, కాస్త తేమ ఉన్న పచ్చిక అని అర్థం, ఎండిన రేగడి కాదు. ఆ రాతినేల మీద పన్నెండు స్టడ్లూ దిగవు. ఆటగాడు మొనల మీద నిలబడతాడు, మడమ ఊగుతుంది, అరికాలిలో స్టడ్ ఉన్నచోటల్లా నొప్పి పుడుతుంది.

పరీక్ష సులువు. నాలుగడుగులు పరిగెత్తి వెనక్కి చూడండి. గుంటలు పడితే ఆ బూటు ఆ నేలకు సరిపోయింది. గీతలే పడితే ఇంకా పొట్టి స్టడ్లు కావాలి. అడుగున మన్ను ముద్దకడితే స్టడ్లు మరీ దగ్గరగా ఉన్నట్టు.

ఒక్క జతకే డబ్బుంటే టర్ఫ్ బూటే కొనండి. ఎండిన రేగడి మీదా అది పనికొస్తుంది. వానాకాలపు బురదలో మాత్రం జారుతుంది. లోహపు స్టడ్లతో టర్ఫ్ మీదికి అసలు వెళ్లకండి.