షిఫ్టు మారే వేళ మైకు ముందు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మధ్యస్థాయి ఇంజనీరింగ్ ఫ్యాక్టరీని ఊహించుకుందాం. పాత వేతన ఒప్పందం గడువు ముగిసి ఎనిమిది నెలలైంది. యూనియన్ కోర్కెల పత్రం ఇచ్చింది, చర్చలు ఏడు విడతలు జరిగాయి, ఇంకా తేలలేదు. ఈరోజు గేట్ మీటింగ్.

రెండు గంటలకు బి షిఫ్టు లోపలికి వెళ్లాలి, ఎ షిఫ్టు బయటికి రావాలి. బి షిఫ్టు వాళ్లు ఒకటిన్నర నుంచే చేరతారు కానీ పంచ్ ఆలస్యమైతే జీతం కోత పడుతుంది కాబట్టి వాళ్ల చెవి సగం మైకు వైపు, సగం గడియారం వైపు ఉంటుంది. ఎ షిఫ్టు వాళ్లకు కంపెనీ బస్సు కదిలేదాకానే సమయం. అందుకే అనుభవమున్న నాయకుడు అసలు విషయాన్ని రెండుసార్లు చెబుతాడు. రెండు గంటలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండుసార్లూ అవే మాటల్లో. మాట మారితే రెండు షిఫ్టులూ క్యాంటీన్‌లో కలిసినప్పుడు రెండు కథలు పుడతాయి.

వినేవాళ్లు కార్మికులు మాత్రమే కాదు. గేటు పక్క సెక్యూరిటీ గదిలోంచి ఎవరో ఫోనులో రికార్డు చేస్తుంటారు. ఇక్కడ పలికిన ప్రతి మాటా గంటలోపు హెచ్‌ఆర్ మేనేజర్ బల్ల మీదికి చేరుతుంది. అంటే ఈ ప్రసంగం కూడా చర్చల్లో భాగమే, దీన్ని ఎనిమిదో విడత అనుకున్నా తప్పులేదు. గొంతు చించుకుని ఇచ్చే హెచ్చరిక మైకు దగ్గర చప్పట్లు తెస్తుంది. ఆ హెచ్చరికను నిలబెట్టుకోలేకపోతే మాత్రం తర్వాతి విడతలో ఆ మనిషి మాటకు విలువ ఉండదు.

మన ఉదాహరణలోని ప్రతినిధి ఇలా మొదలుపెడతాడు:

“అన్నలారా, తమ్ముళ్లారా, అక్కచెల్లెళ్లారా! నిన్న ఏడోసారి కూసున్నం. మనం అడిగింది పది వేలు. వాళ్లు నాలుగున్నర వేల కాడ మొదలువెట్టిండ్రు, నిన్నటికి ఆరు వేలకొచ్చిండ్రు. మేం సంతకం పెట్టలే. ఎందుకు పెట్టలేదో చెప్త, లెక్క మీరే చూడుండ్రి.”

ఈ కొద్ది వాక్యాల్లో తిట్టు లేదు, పొగడ్త లేదు. యాజమాన్యం దిగివచ్చిన సంగతి కూడా దాచలేదు. దాచి ఉంటే సాయంత్రానికల్లా సూపర్‌వైజర్లు అదే చెప్పి, యూనియన్ మీకు నిజం చెప్పలేదని ప్రచారం చేసేవాళ్లు.

ఇక లెక్క. ఒప్పందం మూడేళ్లకు. ఆరు వేలు అంటే మొదటి నెల నుంచే ఆరు వేలు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. యాజమాన్యం చెప్పింది మొదటి ఏడాది సగం, మిగతా రెండేళ్లు పావు వంతు చొప్పున. అంటే మొదటి ఏడాది నెలకు 3,000, రెండో ఏడాది 4,500, మూడో ఏడాది 6,000 పెరుగుదల. మూడేళ్లలో ఒక కార్మికుడికి అదనంగా వచ్చేది 1,62,000 రూపాయలు. అదే ఆరు వేలను మొదటి ఏడాది 70 శాతం, తర్వాత 15 శాతం చొప్పున పంచితే పెరుగుదల 4,200, 5,100, 6,000 అవుతుంది, మొత్తం 1,83,600. పైకి చెప్పే అంకె మారలేదు, చేతికొచ్చే డబ్బులో మాత్రం 21,600 తేడా. పది వేలా, ఆరు వేలా అన్న గొడవలో పడి ఈ పంపకాన్ని వదిలేసిన కమిటీ కార్మికుడికి నష్టం చేసినట్టే అని నా అభిప్రాయం.

రెండో చిక్కు, పెరిగిన డబ్బు ఏ ఖాతాలో పడుతుందన్నది. పీఎఫ్, గ్రాట్యుటీ ప్రధానంగా బేసిక్, డీఏల మీద లెక్క కడతారు. కొత్త వేతనాల కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తంలో సగం దాటితే మించిన భాగాన్నీ వేతనంగానే చూడాలి. ఆ గీత లోపల మాత్రం యాజమాన్యానికి అలవెన్సులే చవక. పైగా కంపెనీ కట్టే పీఎఫ్ వాటాను కూడా ఆ ఆరు వేలలోనే కలిపి చెబుతున్నారా అన్నది అడిగి రాయించుకోవాలి. అందుకే మన ప్రతినిధి గేటు దగ్గర ఒకే మాట అంటాడు: “ఆరు వేలల్ల బేసిక్‌ల ఎంత పడ్తదో కాయితం మీద రాసియ్యమన్నం. ఇంకా ఇయ్యలే.” అంతటితో ఆపుతాడు. ఎండలో నిలబడ్డ జనానికి శాతాల చిట్టా విప్పితే ఒక్కటీ గుర్తుండదు.

ఇంతలో గుంపులోంచి ఒక కుర్రాడు అడుగుతాడు: “అన్నా, అసలు ఎంతకు ఒప్పుకుంటరు మీరు?”

“తమ్మీ, అడగవలసిన మాటే అడిగినవ్. కానీ ఆ నంబరు నేనిప్పుడు మైకుల చెప్తే రేపటి సంది టేబుల్ మీద అదే మన రేటయితది. ఒక్క మాట మాత్రం ఇస్త. మీ ముందట పెట్టకుండ ఏ నంబరు మీద సంతకం పెట్టం.”

వెనక నుంచి ఇంకో గొంతు: “సోమవారం అందరం సెలవు పెడదాం, దిగొస్తరు.”

ప్రతినిధి నిబ్బరం తేలేది ఇక్కడే. కోపం న్యాయమైనదే, ఎనిమిది నెలలుగా పెరగని జీతంతో ఇల్లు నడుపుతున్నవాళ్లు వాళ్లు. కానీ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సగం మంది, అంతకు మించి ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెడితే అది సమ్మెగానే లెక్క. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 14 రోజులు ఆగాలి. ఈ నోటీసు నియమం ఇదివరకు ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. నోటీసు అందాక కార్మిక శాఖ అధికారి రాజీ చర్చలు మొదలుపెడితే, అవి నడుస్తున్నంత కాలమూ, ముగిశాక ఏడు రోజులూ సమ్మె చేయకూడదు. సమ్మె హక్కు కాగితం మీద ఉన్నా దాన్ని వాడుకునే దారి ఇంత ఇరుకైంది, ఇది కార్మికులకు అన్యాయమనే అంటాను. అయినా ఆ దారి ఎలా ఉందో తెలియకుండా జనాన్ని అందులోకి దించే హక్కు ఏ నాయకుడికీ లేదు.

ఆయన జవాబు ఇలా ఉంటుంది: “అన్నా, నీ కోపం నాకూ ఉన్నది. కానీ సోమవారం సెలవు పెడితే అక్రమ సమ్మె అంటరు, ముందుగాల చార్జిషీటు నీకే వస్తది. మిషన్ స్పీడు తగ్గించుడు కూడ వద్దు, దానికీ అదే చార్జిషీటు. సమ్మె దాక పోవాల్సి వస్తే నోటీసు ఇచ్చి, బాజాప్త పోదాం. గురువారం ఎనిమిదో విడత ఉన్నది. అప్పటిదాక ఎవ్వరూ ఓవర్‌టైమ్ విషయంల, రిజెక్షన్ల విషయంల వాళ్లకు వంక దొరకనియ్యద్దు. శుక్రవారం రెండింటికి మళ్ల ఇక్కడ్నే కలుస్తం.”

తేదీ చెప్పడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ‘త్వరలో తెలియజేస్తాం’ అంటే ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. రోజు, వేళ చెబితే మనుషులు అప్పటిదాకా ఆగుతారు. ఒకవేళ గురువారం చర్చ వాయిదా పడినా శుక్రవారం మైకు పెట్టాల్సిందే, ఏమీ జరగలేదని చెప్పడానికైనా సరే.

మన ఉదాహరణలోని నాయకుడు మేనేజర్ పేరెత్తి ఒక్క మాటా అనడు. కళ్లు చెదిరే ఆరోపణ చేస్తే పరువు నష్టం నోటీసో, సస్పెన్షనో వస్తుంది, అప్పుడు వేతన చర్చ కాస్తా ఆ ఒక్కరి కేసు చర్చగా మారిపోతుంది. యాజమాన్యానికి అంతకన్నా కావలసింది లేదు.

అంకె కుదిరాక కూడా పని ఒకటి మిగులుతుంది. ఒప్పందం మీద సంతకం పడితే, ఆ మూడేళ్లూ అందులో తేలిన అంశాల మీద మళ్లీ అడగడం కుదరదు. కాబట్టి ముసాయిదాను గేటు దగ్గరికి తెచ్చి చదివి వినిపించాలి. వచ్చినవి చెప్పేముందు రానివి చెప్పాలి. ఎనిమిది నెలల బకాయి పూర్తిగా వస్తుందా, లేక ఒక ముద్ద మొత్తంతో సరిపెడుతున్నారా? మొదటి ఏడాది పెరుగుదల నెలకు 4,200 అయితే బకాయి 33,600 రావాలి. ఇరవై వేలు ఇచ్చి చెల్లు అంటే మిగతా 13,600 ఎందుకు వదిలామో ఆ మైకులోనే వివరించి, చేతులెత్తించి, ఆ తర్వాతే కలం తీయాలి.