గోదావరి గీస్తే బొగ్గూ రేవూ దొరుకుతాయి

నదుల పేర్లు, ఓడరేవుల పేర్లు, ఖనిజాల పేర్లు వేర్వేరుగా బట్టీ పట్టిన విద్యార్థికి, ఖాళీ అవుట్‌లైన్ మ్యాప్ చేతికొచ్చేసరికి చుక్క ఎక్కడ పెట్టాలో తోచదు. ముందు ఒక నదిని సరిగ్గా గీసి, దాని ఆధారంగా మిగతావి గుర్తిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. గోదావరితో మొదలుపెడదాం.

ఉత్తరం నుంచి దక్షిణానికి మన దేశం పొడవు 3,214 కిలోమీటర్లు. మ్యాపులో అది 15 సెంటీమీటర్లు ఉంటే, ఒక్కో సెంటీమీటరు సుమారు 214 కిలోమీటర్లకు సమానం. గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వరం అరేబియా సముద్రానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. కాబట్టి పడమటి తీరానికి 4 మిల్లీమీటర్ల దూరంలో చుక్క పెట్టాలి. దాన్ని మహారాష్ట్ర నడిమధ్యకు జరిపితే నది కురచైపోతుంది. రెండో కొసను తీరరేఖే చూపిస్తుంది. ఆంధ్ర తీరం సముద్రంలోకి ఉబ్బినట్టుండే చోట్లలో దక్షిణాన ఉన్నది కృష్ణా డెల్టా, ఉత్తరాన ఉన్నది గోదావరి డెల్టా. ఈ రెండు కొసలనూ స్కేలుతో కలపకూడదు. నది చాలా దూరం తూర్పుగా సాగి, ప్రాణహిత కలిసే కాళేశ్వరం దగ్గర ఆగ్నేయానికి తిరుగుతుంది.

ఆ మలుపు గీశాక సింగరేణి బొగ్గు ఎక్కడో వెతకక్కర్లేదు. బెల్లంపల్లి, రామగుండం, భూపాలపల్లి, కొత్తగూడెం గనులన్నీ ప్రాణహిత–గోదావరి లోయ వెంబడే ఉన్నాయి. అందుకే బొగ్గుకు ఒక్క చుక్క చాలదు, నది పక్కన సన్నని పట్టీగా గీతలు వేయాలి.

డెల్టా ఉబ్బు నుంచి తీరం వెంట ఈశాన్యంగా సెంటీమీటరుకు కాస్త తక్కువ జరిగితే విశాఖపట్నం వస్తుంది. అక్కడి నుంచి వాయవ్యంగా సెంటీమీటరు పైచిలుకు లోపలికి వెళితే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా. అక్కడి ఇనుప ఖనిజం కిరండూల్–కొత్తవలస రైలు మార్గంలో విశాఖ రేవుకు చేరుతుంది. ఈ రెండు చుక్కలనూ జంటగా గుర్తుంచుకోవచ్చు.

శీతోష్ణ మండలాలకు పశ్చిమ కనుమలే ఆధారం. వాటి పడమటి వాలున కుండపోత, తూర్పున వర్షచ్ఛాయ. పాక్షిక శుష్క మండలాన్ని మహారాష్ట్ర లోపలి భాగం నుంచి ఉత్తర కర్ణాటక మీదుగా రాయలసీమ దాకా ఏటవాలు గీతలతో నింపాలి. దాన్ని కోస్తా దాకా లాగితే తప్పు. అయితే ఈ మండలాల హద్దులు నదీ తీరాల్లా స్పష్టంగా ఉండవు, వాన క్రమంగా తగ్గుతూ పోతుంది. అందుకే అంచును మందపాటి గీతతో మూసేయకూడదు.

నది పేరు దాని వంపు వెంబడి, రేవు పేరు సముద్రం వైపు రాస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడవు. చివరగా, అదే సైజు అట్లాసు పటాన్ని ట్రేసింగ్ కాగితం మీద దించి మీ పటంపై పరచండి. ఏదైనా చుక్క 2 మిల్లీమీటర్లు తప్పిందంటే, నేల మీద 40 కిలోమీటర్లకు పైగా తప్పినట్టే. మర్నాడు ఆ చుక్కతోనే మొదలుపెట్టండి.